ఆఫీసులో లేని బయ్యరుకి ‘ఇదే చివరి మెయిల్’ వెళ్లకూడదు

(శ్రీకాకుళంలో చిన్న ఎగుమతిదారులకు, వాళ్ల ఆఫీసుల్లో మెయిల్స్ చూసే సిబ్బందికి ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. పలాస నుంచి జీడిపప్పు వాళ్లు ఎక్కువమంది వచ్చారు, టెక్కలి గ్రానైటు వాళ్లు ఉన్నారు, పొందూరు ఖద్దరు పంపేవాళ్లూ ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. సరుకు వేరైనా మీ అందరి ఆఫీసుల్లోనూ జరిగే పని ఒకటుంది. విదేశీ బయ్యరుకి ఒక మెయిల్ పెడతారు. జవాబు రాకపోతే మూడు రోజులకి ఇంకోటి, తర్వాత వారానికి ఇంకోటి. దీన్ని ఇప్పుడు చేత్తో ఎవరూ చేయడం లేదు, సీక్వెన్స్ పెట్టేస్తున్నారు. ఒకసారి ఐదు మెయిల్స్ రాసి టూల్‌కి అప్పగిస్తే అది తేదీల ప్రకారం పంపుకుంటూ పోతుంది. అవునా?

సీక్వెన్స్ ఎలా రాయాలి అన్నది ఇవాళ చెప్పను. అది నడుస్తుండగా వెనక్కి వచ్చే మెయిల్స్ ఉంటాయి కదా, మనిషి రాయనివి, మిషన్ పంపినవి. వాటి గురించే చెబుతాను. ఆఫీసులో లేను అని వచ్చే ఆటో రిప్లై ఒకటి, అడ్రసుకి చేరలేదని వచ్చే బౌన్స్ ఒకటి. వీటిని మీ ఆఫీసులో ఎవరు చదువుతున్నారు? చెప్పండి, ఎవరు చదువుతున్నారు? చాలా చోట్ల ఎవరూ చదవడం లేదు. అవి రాగానే డిలీట్ చేస్తున్నారు.

ఒక్క కేసు తీసుకుని తేదీలతో సహా చెబుతాను. పలాస వైపు ఒక జీడిపప్పు ఎగుమతిదారు, పేరు అక్కర్లేదు. హాంబర్గ్‌లో ఒక దిగుమతి కంపెనీ కొనుగోలు అధికారికి డబ్ల్యూ 320 గ్రేడ్ ఆఫర్ పెట్టారు. సీక్వెన్స్‌లో ఐదు మెయిల్స్. మొదటిది వెళ్లిన రోజును సున్నా అనుకుంటే తర్వాతవి 3, 7, 14, 21 రోజులకి. మొదటి మెయిల్ 2025 ఆగస్టు 5, మంగళవారం వెళ్లింది. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. ఆ జవాబు స్క్రీన్ మీద పెడుతున్నాను, చూడండి.

```
Subject: Automatische Antwort: Cashew W320 offer
Auto-Submitted: auto-generated

Ich bin bis einschließlich 22. August nicht im Büro.
Ab dem 25. August bin ich wieder erreichbar.
```

జర్మన్‌లో ఉంది. ఆగస్టు 22 వరకు, ఆ రోజుతో కలిపి, ఆఫీసులో ఉండను, 25 నుంచి దొరుకుతాను అని. 22 శుక్రవారం, 25 సోమవారం. యూరప్‌లో ఆగస్టు అంటే సెలవుల నెల. రెండు మూడు వారాలు ఒకేసారి వెళ్లిపోతారు, అందులో వింతేం లేదు.

ఇప్పుడు టూల్ ఏం చేస్తుంది? చాలా టూల్స్‌కి రెండే దారులు, రెండూ తప్పే. మొదటి రకం టూల్, ఏదైనా జవాబు రాగానే ‘రిప్లై వచ్చింది’ అని సీక్వెన్స్ ఆపేస్తుంది. లిస్టులో ఆ బయ్యరు పక్కన ‘replied’ అని పడుతుంది. మీరు చూసి, ఓహో ఇతనితో ఎవరో మాట్లాడుతున్నారు అనుకుంటారు. ఎవరూ మాట్లాడటం లేదండి. ఆ బయ్యరు అక్కడితో మీ లెక్కలోంచి జారిపోయాడు. అసలు మీ మెయిల్ చదవకుండానే జారిపోయాడు.

రెండో రకం టూల్ ఆటో రిప్లైని పట్టించుకోదు, ముందుకి పోతుంది. మన కేసులో జరిగింది ఇదే. రెండో మెయిల్ 8న, మూడోది 12న, నాలుగోది 19న వెళ్లాయి. ఐదోది ఎప్పుడు? ఆగస్టు 26, మంగళవారం. ఆ ఐదో మెయిల్‌లో ఏం రాసి ఉంది? ‘మీ నుంచి సమాధానం లేదు కాబట్టి ఇదే నా చివరి మెయిల్’ అని. అతను సోమవారం ఆఫీసుకి వచ్చాడు. మూడు వారాల మెయిల్స్ గుట్టగా పడి ఉన్నాయి, అందులో మనవి నాలుగు. అవి ఇంకా తెరవకముందే, మర్నాడు ‘నువ్వు పలకడం లేదు, ఇక సెలవు’ అని ఐదోది వచ్చి పడింది. అతని వైపు నుంచి ఆలోచించండి. నేను ఊళ్లో లేనని వీళ్లకి మొదటి రోజే చెప్పాను కదా, చదవలేదా?

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. మొదటి మెయిల్‌కి ఆటో రిప్లై వచ్చింది. 8న పంపినదానికి వచ్చిందా? రాలేదు. 12న? రాలేదు. ఎందుకు రాలేదు? అతను వాడేది అవుట్‌లుక్, వెనక ఎక్స్‌చేంజ్ సర్వర్. ఆ సర్వర్, ఆటో రిప్లై పెట్టి ఉన్నన్నాళ్లూ ఒక్కో పంపేవాడికి ఒక్కసారే జవాబు ఇస్తుంది. రెండు మిషన్లు ఒకదానికొకటి జవాబులు ఇచ్చుకుంటూ కూర్చోకూడదని ఆ ఏర్పాటు. జీమెయిల్ అయితే అదే మనిషికి మళ్లీ ఇవ్వాలంటే నాలుగు రోజుల ఎడం ఉండాలి. అంటే కంపెనీ బయ్యర్ల దగ్గర నుంచి మీకు వచ్చేది చాలా వరకు ఒకే ఒక్క కబురు. దాన్ని డిలీట్ చేశారంటే మళ్లీ రాదు. తర్వాత మెయిల్స్‌కి ఏమీ రాకపోయేసరికి ‘ఆ, వచ్చేసి ఉంటాడులే, మన మీద ఆసక్తి లేదులే’ అనుకుంటారు.

మరి ఏం చేయాలి? ఆపకూడదు, పోనివ్వకూడదు. నిలబెట్టాలి. టూల్‌లో ‘pause’ ఉంటుంది, కొన్నిటిలో ఏ తేదీ వరకు అని కూడా అడుగుతుంది. ఆ తేదీ ఏది పెట్టాలి? అతను వచ్చేది 25న. 25నే పెడతారా? వద్దండి. మూడు వారాల తర్వాత వచ్చిన మనిషి మొదటి రోజు చేసే పని ఇన్‌బాక్స్ ఖాళీ చేయడమే, ఆ చేత్తోనే మనదీ పోతుంది. రెండు పని రోజులు వదిలి మూడో రోజు, అంటే 27, బుధవారం. మామూలుగా అయితే నేను అదే పెట్టమంటాను. కానీ 2025 ఆగస్టు 27 మనకి ఏ రోజు? వినాయక చవితి. మెయిల్ టూల్ పంపేస్తుంది, నిజమే. అతను వెంటనే ‘రేటు ఎంత, షిప్‌మెంట్ ఎప్పుడు’ అని అడిగితే చెప్పేవాళ్లు ఎవరున్నారు ఆఫీసులో? అందుకని 28, గురువారం. అవతలివాడి సెలవు చూసినట్టే మన సెలవూ చూసుకోవాలి.

ఆ రెండు రోజుల ఎడం ఇంకో మేలు చేస్తుంది. హాంబర్గ్ ఆయన ‘ఆ రోజుతో కలిపి’ అని స్పష్టంగా రాశాడు. అందరూ అలా రాయరు. ‘22 వరకు’ అని ఊరుకుంటారు. 22న ఉంటాడా, 23న వస్తాడా? తెలియదు. అమెరికా వాళ్లు 08/09 అంటే ఆగస్టు 9, మనకీ యూరప్‌కీ అది సెప్టెంబరు 8. నెల పేరు అక్షరాల్లో లేకపోతే ఆ కంపెనీ ఏ దేశంలో ఉందో చూసి నిర్ణయించండి. అప్పటికీ అనుమానం ఉంటే వెనక తేదీ తీసుకోండి. ఆలస్యంగా వెళ్లిన మెయిల్‌తో పెద్ద నష్టం లేదు, ఖాళీ కుర్చీకి వెళ్లినదానితో ఉంది. గల్ఫ్ బయ్యర్లు ఉన్నవాళ్లు వారాంతం కూడా చూసుకోవాలి. సౌదీలో శుక్ర, శనివారాలు సెలవు. యూఏఈ 2022 జనవరి నుంచి శని, ఆదివారాలకి మారింది, అక్కడి ప్రభుత్వ ఆఫీసులకి శుక్రవారం సగం రోజు పని. పాత అలవాటు మీద దుబాయ్‌కి ఆదివారం మెయిల్స్ పెడుతున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

సరే, 28న మళ్లీ మొదలైంది. మిగతా మెయిల్స్ ఏ తేదీలకి వెళ్లాలి? ఇక్కడ టూల్‌ని నమ్మకండి. కొన్ని టూల్స్ పాత తేదీలే పట్టుకుని ఉంటాయి. ‘pause’ తీయగానే 8న, 12న, 19న, 26న పోవాల్సినవన్నీ బాకీ పడ్డాయనుకుని ఒకదాని వెనక ఒకటి వదులుతాయి. మనకి కావలసింది ఆ మెయిల్స్ మధ్య ఎడం, తేదీలు కావు. రెండోది 28న వెళ్తే, మూడోది నాలుగు రోజులకి, సెప్టెంబరు 1. నాలుగోది వారానికి, 8. ఐదోది 15. మీ టూల్ ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే మీ సొంత అడ్రసునే బయ్యరుగా పెట్టి, నిలబెట్టి, మళ్లీ నడిపించి చూడండి. బయ్యర్ల మీద పరీక్ష చేయొద్దు.

తేదీలు సర్దితే సరిపోయిందా? లోపల రాసింది చూశారా? రెండో మెయిల్‌లో ‘మంగళవారం పంపిన ఆఫర్’ అని ఉంటుంది. మూడు వారాల తర్వాత ఏ మంగళవారం అది? పైగా ఆగస్టు 5 రేటు ఆగస్టు 28న ఇవ్వగలరా? జీడిపప్పు వాళ్లు నవ్వుతున్నారు. ఆఫర్ గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అతను ‘సరే, అదే రేటుకి ఒక కంటైనర్’ అంటే మీరు ఇరుక్కుంటారు. అందుకని నిలబెట్టి మళ్లీ మొదలుపెట్టే రెండో మెయిల్‌ని చేత్తో తిరగరాయాలి. ‘మీరు 25న తిరిగి వస్తారని తెలిసింది. ఆగస్టు 5న పంపిన ఆఫర్ గడువు ముగిసింది, ఈ రోజు రేటు ఇది, ఇన్ని రోజుల వరకు’ అని రెండు వాక్యాలు. మొదటి మెయిల్ కిందనే, అదే థ్రెడ్‌లో పంపండి. అతను మనకి ఇచ్చిన ఒకే ఒక్క కబురు మనం చదివామని అతనికి అర్థమవుతుంది.

అక్కడ ఆ అమ్మాయి చేయి ఎత్తింది. చెప్పమ్మా… ఆటో రిప్లై అని టూల్ తనంతట తాను గుర్తుపట్టలేదా అంటోంది. మంచి ప్రశ్న. కొంతవరకు పడుతుంది. స్క్రీన్ మీద రెండో లైను చూడండి, `Auto-Submitted` అని మొదలయ్యేది. మెయిల్ లోపల కనిపించకుండా ఉండే హెడర్ అది. జీమెయిల్‌లో మూడు చుక్కలు నొక్కి `Show original` అంటే కనిపిస్తుంది. 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3834 అనే ప్రమాణం ప్రకారం, మిషన్ ఇచ్చే జవాబుకి ఈ ముద్ర ఉండాలి. సబ్జెక్టులో `Automatic reply` అని వెతికేలా ఫిల్టర్ పెట్టుకున్నవాళ్లకి ఈ జర్మన్ మెయిల్ దొరకదు. టూల్ ఈ హెడర్‌ని వెతికితే జర్మన్ అయినా, అరబిక్ అయినా దొరుకుతుంది.

కానీ అందరూ ఆ ముద్ర వేయరు. కొన్ని పాత సర్వర్లు `X-Autoreply` అనో `Precedence: auto_reply` అనో వేస్తాయి, కొన్ని ఏదీ వేయవు. ఇంకో చిక్కేమిటంటే, ఈ ముద్ర ‘ఇది మిషన్ పంపింది’ అని మాత్రమే చెబుతుంది, ఎందుకు పంపిందో చెప్పదు. ‘మీ మెయిల్ అందింది, మీ టికెట్ నంబరు ఇది’ అని వస్తుంది చూడండి, దానికీ అదే ముద్ర. ఆ బయ్యరు హాయిగా ఆఫీసులోనే ఉన్నాడు, అక్కడ నిలబెట్టాల్సిన పని లేదు. అలాగే, సెలవులో ఉన్న మనిషి ఫోన్ చూసుకుని ‘వచ్చాక చూస్తాను’ అని స్వయంగా ఒక లైను రాస్తాడు. దానికి ముద్ర ఉండదు. అది నిజమైన జవాబు. అక్కడ సీక్వెన్స్ పూర్తిగా ఆపేయండి, ఆ తర్వాత అతనికి మిషన్ మెయిల్ ఒక్కటీ వెళ్లకూడదు, మీరే రాయాలి. కాబట్టి టూల్ ఏరి ఒక పక్కన పెట్టాలి, మనిషి చదివి నిర్ణయించాలి. మన జిల్లాలో ఆఫీసుకి రోజుకి వచ్చేవి వేలల్లో ఏమీ ఉండవు. టీ తాగే లోపు చదివేయొచ్చు.

చదివితేనే దొరికే రకం ఇంకొకటి ఉంది. చూడ్డానికి సెలవు మెయిల్‌లాగే ఉంటుంది, కానీ తిరిగి వచ్చే తేదీ ఉండదు. ‘నేను ఈ కంపెనీలో పనిచేయడం లేదు, ఫలానా వారిని సంప్రదించండి’ అని. సెలవు మెయిల్‌ని గుర్తుపట్టే టూల్ దీన్నీ సెలవు కిందే జమ కడుతుంది, వారం నిలబెట్టి మళ్లీ పంపుతుంది. ఇక్కడ పాత అడ్రసుని పూర్తిగా తీసేయాలి. మరి ఆ కొత్త మనిషిని? అదే సీక్వెన్స్‌లో, అదే మూడో మెయిల్ దగ్గర దింపేయకండి. అతనికి మీరెవరో తెలియదు, ‘గతంలో రాసినట్టు’ అంటే ఏం అర్థమవుతుంది? ముందు చేత్తో ఒక మెయిల్ రాయండి. మీ పాత ఉద్యోగి ఆటో రిప్లైలో మీ పేరు చూశాను, మేము పలాస నుంచి జీడిపప్పు పంపేవాళ్లం, దీన్ని చూసేది మీరేనా అని. సెలవు మెయిల్‌లో ‘అత్యవసరమైతే ఫలానా వారు’ అని ఉంటుంది కదా, అది వేరు. మన ఆఫర్ వాళ్లకి అత్యవసరం కాదు. వాళ్ల జోలికి వెళ్లొద్దు.

ఇక బౌన్స్ సంగతి. మనకి పోస్టాఫీసు ఉంది. రిజిస్టర్ ఉత్తరం వెనక్కి వస్తే పోస్ట్‌మ్యాన్ కవరు మీద రాస్తాడు. తలుపు తాళం వేసి ఉంది, ఇల్లు వదిలి వెళ్లిపోయారు, తీసుకోనన్నారు. ఆ రాత చూడకుండా మళ్లీ అదే అడ్రసుకి ఎవరైనా ఉత్తరం వేస్తారా? బౌన్స్ మెయిల్‌లోనూ సరిగ్గా ఆ రాత ఉంటుంది. కింద దాకా చదవాలి, అంతే.

```
Action: failed
Status: 5.1.1
```

మొదటి అంకె 5 అయితే శాశ్వతం, 4 అయితే తాత్కాలికం. 5.1.1 అంటే అలాంటి మెయిల్‌బాక్స్ అక్కడ లేదు. సీక్వెన్స్ మధ్యలో, రెండు మెయిల్స్ చేరాక మూడోదానికి ఇది వస్తే, అడ్రసు తప్పు రాశామేమో అని అక్షరాలు మార్చి ప్రయత్నించకండి. ముందటివి చేరాయి కదా, అడ్రసు సరైనదే. మనిషి వెళ్లిపోయాడు, మెయిల్‌బాక్స్ మూసేశారు. ఆ అడ్రసుని ఈ ఒక్క సీక్వెన్స్ నుంచే కాదు, మీ ఆఫీసు మొత్తానికి ఉండే ‘పంపకూడని లిస్టు’లో పెట్టాలి. లేకపోతే వచ్చే నెల మీ అన్నయ్య కొత్త సీక్వెన్స్ మొదలుపెట్టి పాత ఎక్సెల్ నుంచి అదే అడ్రసు ఎక్కించేస్తాడు. లేని అడ్రసులకి పదే పదే కొడుతున్న డొమైన్‌ని జీమెయిల్ లాంటివి అనుమానంగా చూస్తాయి, ఆ తర్వాత ఉన్నవాళ్లకి పంపినవి కూడా స్పామ్‌లోకి పోతాయి.

4తో మొదలైతే తొందరపడకండి. మీ సర్వర్ దానంతట అదే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉంటుంది, సాధారణంగా కొన్ని రోజుల పాటు. మధ్యలో `Delivery Status Notification (Delay)` అని ఒకటి వస్తుంది. అది వచ్చినప్పుడు మనవాళ్లు ఏం చేస్తారు? అదే మెయిల్ మళ్లీ పంపుతారు. పాతది క్యూలో ఉంది, కొత్తదీ క్యూలో చేరింది. ఈలోగా సీక్వెన్స్ రెండో మెయిల్ కూడా వదిలింది. అవతలి సర్వర్ తెరుచుకోగానే మూడూ ఒకే పూట చేరతాయి, ముందు వెళ్లినది ముందే చేరుతుందని కూడా లేదు. కాబట్టి డిలే వస్తే ఆ ఒక్క బయ్యరుకి తర్వాతి మెయిల్ నిలబెట్టండి. చేరడమో, చివరికి ఫెయిల్ కావడమో తేలాక కదపండి.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది. 5తో మొదలైన ప్రతిదీ చచ్చిన అడ్రసు కాదు. 5.2.2 అంటే మెయిల్‌బాక్స్ నిండిపోయింది. మనిషి ఉన్నాడు, చోటు లేదు. ఒకటి రెండు వారాలు ఆగి ఒకసారి చూడొచ్చు. 5.7 తో మొదలయ్యేవి, 5.7.1, 5.7.26 లాంటివి, ఇంకా వేరు. అక్కడ అడ్రసు బాగానే ఉంది, మనిషీ ఉన్నాడు. మీ మెయిల్‌ని మేము తీసుకోము అని సర్వర్ అంటోంది. చాలా వరకు తప్పు మన వైపే. ఏ సర్వర్లు మన తరఫున మెయిల్ పంపొచ్చో మన డొమైన్‌లో రాసుకునే ఎస్‌పీఎఫ్ రికార్డు తప్పు, మెయిల్ మనదే అని రుజువు చేసే డీకిమ్ సంతకం లేదు, లేదా మన మెయిల్ స్పామ్‌లా కనిపించింది. టూల్స్ చాలా వరకు ఇవన్నీ ‘bounced’ అని ఒకే గంపలో వేస్తాయి. ఒక పొద్దున్న మీ హోస్టింగ్ మార్చారనుకోండి, ఎస్‌పీఎఫ్ మార్చడం మరిచిపోయారు. ఆ రోజు వెళ్లిన ఫాలో-అప్‌లు జర్మనీ నుంచి, నెదర్లాండ్స్ నుంచి, దుబాయ్ నుంచి 5.7 అని తిరిగి వస్తాయి. టూల్ ఆ బయ్యర్లందరినీ చచ్చిన అడ్రసుల కింద కొట్టేస్తుంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన లిస్టు ఒక్క పూటలో ఖాళీ. ఎలా కనిపెట్టాలి? ఒక మనిషి ఉద్యోగం మారితే ఒక అడ్రసు నుంచే బౌన్స్ వస్తుంది. సంబంధం లేని కంపెనీల నుంచి ఒకే పూట, ఒకే రకం నంబరు వస్తే అది మనదే. అప్పుడు ఒక్కో బయ్యరుని చూస్తూ కూర్చోకుండా సీక్వెన్స్‌లన్నీ ఆపండి, డొమైన్ సరిచేయండి, కొట్టేసిన వాటిలో 5.7 వాటిని తిరిగి లిస్టులోకి తెచ్చుకోండి.

వెనక నుంచి ఒక బాబు అడుగుతున్నాడు… మాకు ఆటో రిప్లైలూ, బౌన్స్‌లూ అసలు రావడమే లేదు, అంతా బాగున్నట్టేనా అని. కాదు బాబూ, అదే టెన్షన్ పడాల్సిన విషయం. ప్రతి మెయిల్‌కి ‘From’ కాకుండా వెనకాల ఇంకో అడ్రసు ఉంటుంది, `Return-Path` అంటారు. బౌన్స్‌లు అక్కడికే వెళ్తాయి. ప్రమాణం పాటించే సర్వర్ల ఆటో రిప్లైలు కూడా అక్కడికే వెళ్తాయి. బయటి టూల్ ద్వారా పంపితే అది ఆ టూల్ అడ్రసే అయి ఉండొచ్చు. అప్పుడు మీ ఇన్‌బాక్స్ ఎంత వెతికినా దొరకవు. ఇవాళ ఆఫీసుకి వెళ్లాక ఒక పని చేయండి. మీ సీక్వెన్స్ నుంచి మీ సొంత జీమెయిల్‌కి ఒకటి పంపుకుని, `Show original` తెరిచి, ఆ లైనులో ఎవరి డొమైన్ ఉందో చూడండి. మీది కాకపోతే, టూల్ లోపల బౌన్స్‌లు ఎక్కడ పెడుతోందో, ఆటో రిప్లైలు ఎక్కడ పెడుతోందో వెతికి పట్టుకోండి. అందులో ఇప్పటికే మీ బయ్యర్లు తిరిగి వచ్చే తేదీలు పడి ఉండొచ్చు.